పాపకి చలా, ఉక్కపోతా? వీపు తాకి చూడండి

ప్రశ్న: మాది అల్వాల్. పాపకి మూడో నెల. నెలలు నిండాకే పుట్టింది, ఇప్పుడు ఐదు కిలోలుంది. రాత్రుళ్లు బనీను, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ఉన్ని స్వెట్టర్, మంకీ క్యాప్, సాక్సులు, గ్లౌజులు వేసి పైన రగ్గు కప్పుతున్నాం. అయినా చేతులు చల్లగానే ఉంటున్నాయని మా అత్తయ్య రాత్రంతా రూమ్ హీటర్ వేయిస్తున్నారు. తెల్లారేసరికి వీపు తడిగా ఉంటోంది. ముక్కు బిగుసుకుపోయి పాలు సరిగా తాగట్లేదు. మెడ మడతల్లో ఎర్రటి పొక్కులు వచ్చాయి. హీటర్ ఇంకా పెంచాలా?
– ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా:

పెంచొద్దమ్మా. ఈ రాత్రి నుంచి పాప నిద్రపోయే వేళకి హీటర్ ఆపేయండి, టోపీ తీసేయండి, రగ్గు పక్కన పెట్టండి. మీరు చెప్పిన లక్షణాల్లో చలివి ఒక్కటీ లేవు. వీపు తడవడం, మెడ దగ్గర పొక్కులు ఉక్కపోతకి గుర్తులు. ఆ పొక్కులు చెమటకాయలు. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలకి వచ్చేవే, మీ ఇంట్లో డిసెంబర్‌లో వచ్చాయి.

మీ అత్తయ్య చేతులు పట్టుకుని చూస్తున్నారు, చిక్కంతా అక్కడే వచ్చింది. ఆమె తప్పేం లేదు, పెద్దవాళ్లకైతే అది సరైన పరీక్షే. మూడు నెలల పాపకి రక్తప్రసరణ ఇంకా కుదురుకోలేదు. ఒంట్లో వేడంతా ముందు గుండె, ఊపిరితిత్తులు, పొట్ట దగ్గరే ఉంటుంది, అరచేతులకీ అరికాళ్లకీ చివర్లో అందుతుంది. అందుకే ఒళ్లు వెచ్చగా ఉన్నా చేతులు చల్లగా ఉంటాయి, ఒక్కోసారి కాస్త నీలంగా కూడా కనిపిస్తాయి. పెదవులు, నాలుక గులాబీ రంగులో ఉన్నంతవరకు దానికి కంగారు పడక్కర్లేదు. అవి నీలంగా మారితే మాత్రం చలి సంగతి వదిలేసి ఆసుపత్రికి పరిగెత్తాలి.

పరీక్ష చేయాల్సింది మెడ వెనక, రెండు భుజాల మధ్య. ముందు మీ చేతులు రుద్దుకుని వెచ్చబరచుకోండి. తర్వాత రెండు వేళ్లు చొక్కా లోపలికి పోనిచ్చి చూడండి. అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటే సరిపోయినట్టే. తేమ తగిలినా, కాలినట్టు అనిపించినా, జుట్టు తడిగా ఉన్నా, బుగ్గలు ఎర్రబడి ఊపిరి వేగంగా తీస్తున్నా ఒక పొర తీసేయండి. వీపూ, పొట్టా కూడా చల్లగా తగిలితేనే ఒక పొర కలపాలి.

ఇక ముక్కు సంగతి. మీ ఇంట్లో ఒక చక్రం తిరుగుతోంది, గమనించారా? హీటర్ గాలిని వేడి చేస్తుంది గానీ అందులో తేమని పెంచదు. వేడెక్కిన గాలి ఒళ్లంతా పొడిబారేలా చేస్తుంది. పాప ముక్కు రంధ్రాలు సన్నవి, అక్కడి చీమిడి గట్టిపడి అట్టకట్టేస్తుంది. ఈ వయసు పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే గాలి పీలుస్తారు. అది బిగుసుకుంటే రొమ్ము పట్టుకున్న రెండు గుక్కలకే వదిలేసి ఏడుస్తారు. మీరు దాన్ని పడిశం అనుకుంటారు, చలి పట్టిందని హీటర్ ఇంకో గంట నడుపుతారు, తెల్లారికి ముక్కు ఇంకా బిగుస్తుంది. ముందు హీటర్ ఆపండి. పాలివ్వడానికి పది నిమిషాల ముందు మందుల షాపులో దొరికే సెలైన్ ముక్కు చుక్కలు రెండు వైపులా ఒక్కో చుక్క వేయండి. నూనె చుక్కలు మాత్రం వేయొద్దు, అవి ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది.

ఇంత చిన్న విషయానికి అంత హడావిడి దేనికని మీకు అనిపించవచ్చు. నిద్రలోనే ఉన్నట్టుండి పసిపిల్లల ప్రాణం పోయే స్థితి ఒకటుంది. సడన్ ఇన్ఫాంట్ డెత్ సిండ్రోమ్ అంటారు. అరుదే, కానీ అది ఎక్కువగా జరిగేది రెండు నుంచి నాలుగు నెలల మధ్య, అంటే మీ పాప వయసులో. బోర్లా పడుకోవడం, ముఖం మీదికి దుప్పటి రావడం, ఒళ్లు మరీ వేడెక్కడం ఆ ముప్పుని పెంచుతాయని తెలిసిన వాటిలో ఉన్నాయి. వేడి ఎక్కువైనప్పుడు మనకి మెలకువ వస్తుంది, దుప్పటి తన్నేస్తాం. పాప తన్నలేదు. పైగా పసిపిల్లల ఒంట్లో వేడి బయటికి పోయే పెద్ద దారి తల. మాడు చల్లబడుతుందని మనవాళ్లు టోపీ పెట్టేది సరిగ్గా ఆ దారికే. బయటికి తీసుకెళ్లేటప్పుడు టోపీ పెట్టండి, పడకమీదికి వచ్చాక తీసేయండి. నిద్రలో అది ముక్కు మీదికి జారే భయం కూడా ఉంది. నెలలు నిండకుండా, రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టిన పిల్లల లెక్క వేరు. వాళ్లకి టోపీ, తల్లి ఎదమీద చర్మానికి చర్మం ఆనించి ఉంచడం మీ డాక్టరు చెప్పినన్నాళ్లు అవసరం. మీ పాపకి ఆ దశ లేదు.

ఏం వేయాలో లెక్క చెబుతాను. ముందు గది ఎంత చల్లగా ఉందో తెలియాలి. కొన్ని వందల రూపాయలకే గది ఉష్ణోగ్రత చూపించే చిన్న థర్మామీటర్ దొరుకుతుంది. హీటర్ కన్నా ముందు కొనాల్సింది అదే. పాప పడుకునే చోట, గోడకి ఆనకుండా పెట్టండి. హీటర్ లేకుండా ఒక రాత్రి పదింటికీ, మళ్లీ తెల్లవారుజామున ఐదింటికీ చూసి రాసుకోండి. బయట 12 డిగ్రీలున్న రాత్రుల్లో కూడా తలుపులు మూసిన ఫ్లాట్ గది చాలా ఇళ్లలో 19, 20 దగ్గరే ఆగుతుంది. పై అంతస్తు గదులు, రేకుల ఇళ్లు ఇంకా దిగుతాయి.

మీ గది 20 అనుకుందాం. డైపర్, మీద మెత్తటి నూలు బనీను, ఆపైన కాళ్ల దాకా వచ్చే ఫుల్ హ్యాండ్స్ నూలు సూటు, ఆపైన స్లీప్ శాక్. శాక్ అంటే చేతులకి కంతలుండి, కింద సంచీలా మూసుకుని ఉండే బట్ట. రగ్గులా ముఖం మీదికి రాదు. మెడ దగ్గర ఒక వేలు పట్టేంత వదులుండాలి, తల అందులోకి జారేంత పెద్దది కాకూడదు. శాక్ కొనలేకపోతే సూటు మీద పల్చటి ఉన్ని స్వెట్టర్ ఒకటి చాలు. ఐదింటికి గది 17కి దిగుతుంటే ఆ రెండూ కలిపి వేయండి. గది 24 దాటితే బనీను, సూటు చాలు. సులువుగా గుర్తుండాలంటే, ఆ గదిలో కప్పుకోకుండా కూర్చుంటే మీకు హాయిగా ఉండే బట్టల కన్నా పాపకి ఒక పొర ఎక్కువ. ఇప్పుడు మీరు వేస్తున్నవి ఆ గదికి మించినవి, హీటర్ నడిస్తే మరీ మించినవి.

పాప మీ పక్కనే మంచం మీద పడుకుంటుంటే ఒంటి వేడి ఒక పొరతో సమానం. మీరు కప్పుకున్న రగ్గు అంచు పాప మీదికి జారడం మన ఇళ్లలో మామూలే. అదే గదిలో, మీ మంచానికి ఆనుకుని, గట్టి పరుపున్న వేరే పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టడం అన్నిటికన్నా మేలు. పరుపు మీద దిండూ, మెత్తటి బొమ్మలూ వద్దు. చీర ఉయ్యాలలో రాత్రంతా ఉంచొద్దు, ముఖానికి బట్ట దగ్గరగా వస్తుంది. గ్లౌజులు కూడా తీసేయండి. లోపలి దారం పోగు వేలికి చుట్టుకుని రక్తం ఆగిపోయిన పిల్లలని నేను చూశాను. వేలు ఎర్రగా వాచి, పాప ఎందుకు ఏడుస్తోందో ఎవరికీ తెలియని పరిస్థితి.

హీటర్ పూర్తిగా మానేయాలా అంటే, అంత అవసరం లేదు. స్నానం చేయించే ముందు, పడకకి ముందు గది కాసేపు వెచ్చబరిచి ఆపేయడం తప్పు కాదు. నిద్రలో నడవకూడదంతే. రాత్రి మధ్యలో గది 27, 28కి చేరినా మనకి తెలియదు, మనం దుప్పటి తోసేసి పడుకుంటాం. ఎర్రగా కాలే రాడ్ హీటర్ అయితే దుప్పటి కొంగు తగిలినా, కర్టెన్ ఎగిరినా అంటుకుంటుంది. కనీసం మూడడుగుల దూరం ఉంచాలి, దాని మీద డైపర్ బట్టలు ఆరేయొద్దు. తేమ కోసమని పక్కనే నీళ్ల గిన్నె పెట్టడం మంచిది కాదు, తన్నుకుంటే కరెంటు మీదే పడుతుంది. ఆయిల్ నింపిన హీటర్ బయటికి నిప్పు చూపించదు కాబట్టి కాస్త నయం, అయినా నిద్రలో ఆపేయాల్సిందే.

ప్లగ్ సంగతి చాలామంది పట్టించుకోరు. 2000 వాట్ల హీటర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫోను ఛార్జర్ పెట్టే చిన్న సాకెట్, మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డు 6 ఆంపియర్లకే. గీజర్‌కి వాడే పెద్ద సాకెట్‌లోనే నేరుగా పెట్టండి. పావుగంట నడిచాక ప్లగ్‌ని తాకితే వేడిగా తగిలినా, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా ఎలక్ట్రీషియన్ చూసేదాకా వాడొద్దు.

కరెంటు హీటర్ గదిలో ఆక్సిజన్‌ని కాల్చేస్తుందని కొందరు భయపడతారు, అది అపోహ. నిజంగా భయపడాల్సింది బాలింత గదిలో పెట్టే బొగ్గుల కుంపటికి, గ్యాస్ హీటర్‌కి. మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. నిప్పులు బూడిదబారి పొగ ఆగిపోయాక కూడా వస్తూనే ఉంటుంది. గదిలో ఉన్న పెద్దవాళ్లకి ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి, వికారం మొదలై పాప మందకొడిగా ఉంటే మొదట బిడ్డతో బయటికి వచ్చేయండి, తర్వాతే కిటికీల సంగతి. వెంటనే 108కి ఫోన్ చేయండి. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేయడం కూడా ఆపేయండి, పాప ముక్కుకి అదొక భారం.

ఒంటి ఉష్ణోగ్రత ఎప్పుడు చూడాలంటే, పాప మామూలుగా లేదనిపించినప్పుడు. డిజిటల్ థర్మామీటర్ చంకలో పెట్టి చూడండి. 99.5 ఫారెన్‌హీట్ దాటితే ఒక్క నూలు పొర మాత్రం ఉంచి మిగతావి తీసేసి, ఇరవై, ముప్ఫై నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. పోయిన చలికాలంలో జ్వరమని తెచ్చిన ఒక బాబుని నేను క్లినిక్‌లో ఇలాగే చూశాను, అరగంటలో 99.8 నుంచి 98.4కి దిగింది. కానీ మూడు నెలల లోపు పాపకి 100.4 ఉంటే ఎన్ని బట్టలు వేశారన్నది చూడొద్దు, అర్ధరాత్రైనా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పారాసిటమాల్ చుక్కలు వేసి తెల్లారేదాకా చూడడం వద్దు. 97.7 కన్నా తక్కువుంటే మీ ఎదకి ఆనించుకుని, ఇద్దరి మీదా ఒక దుప్పటి కప్పుకుని, మేలుకుని కూర్చోండి. గంటకీ పెరగకపోయినా, పాలు పట్టకపోయినా, లేపితే లేవకపోయినా వెళ్లాల్సిందే.

చెమటకాయలకి పౌడర్ వేయొద్దు, ఆ పొడి ఊపిరిలోకి పోతుంది. గోరువెచ్చటి నీళ్లతో తుడిచి, మడతలు పొడిగా ఉంచితే మూడు నాలుగు రోజుల్లో వాడిపోతాయి. పొక్కుల్లో చీము కనిపిస్తే మీ పిల్లల డాక్టరుకి చూపించండి.