బటన్‌లో ట ఎక్కడికి పోతుంది, బాటిల్‌లో ఎందుకు పోదు

"అమెరికా వాళ్లు బటన్ అంటుంటే ట వినపడదు, మధ్యలో ఏదో ఆగినట్టుంటుంది. బాటిల్ మాత్రం బాడల్ అంటారు. లండన్ వాళ్ల వీడియోల్లో బాటిల్‌లో కూడా ట లేదు. దీనికి లెక్కేమైనా ఉందా? చివరి అచ్చు ఏమైంది?"

లెక్క ఉంది. నాలుక ఎక్కడుందో చూస్తే దొరుకుతుంది.

ముందు బటన్. ఇంగ్లీషు ట పలికేటప్పుడు నాలుక కొన పైపళ్ల వెనకున్న చిగుళ్ల గట్టుకు ఆనుతుంది. న పలికేటప్పుడూ అక్కడే ఆనుతుంది. తేడా ఒక్కటే: న దగ్గర అంగిలి వెనకున్న మెత్తటి భాగం కిందికి దిగి, గాలి ముక్కులోంచి పోతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న అచ్చు ఒత్తు లేనిది, అంటే నొక్కి పలకనిది, చాలా పొట్టిది. దాన్ని పలకాలంటే నాలుకను గట్టు మీంచి తీసి, వెంటనే మళ్లీ అక్కడే పెట్టాలి. మాటల వేగంలో అంత శ్రమ ఎవరూ పడరు, నాలుకను అక్కడే ఉంచేస్తారు. నాలుక కదలకపోతే నోట్లోంచి గాలికి దారి లేదు కాబట్టి అచ్చు పోతుంది. కానీ ఆ అచ్చు వాడుకున్న అక్షర స్థానం, అంటే సిలబుల్ చోటు, పోదు, న్ అందులోకి వచ్చి కూర్చుంటుంది. సిలబిక్ కాన్సొనెంట్ అంటే ఇదే, అచ్చు పని చేసే హల్లు. నిఘంటువుల్లో n̩ అని కింద చిన్న గీత పెట్టి చూపిస్తారు.

ఇది మనకు మరీ కొత్త సంగతి కాదు. సంస్కృతంలో ఋ, ఌ ఇలాంటివే. ర, ల ధ్వనులే అక్షరాన్ని మోసేవి. మనం ఇప్పుడు ఋషిని ఉకారం చేర్చి రుషి అంటున్నాం గనక ఆ గుట్టు చెవికి అందడం లేదు. ఇంగ్లీషులో ఈ పని చేసేవి కూడా న, ల, మ, ర లాంటి సాగదీయగల ధ్వనులే.

బటన్‌లో రెండు అక్షరాలు అలాగే మిగిలాయని నమ్మకం కుదరకపోతే లైట్నింగ్ (మెరుపు), లైటెనింగ్ (తేలిక చేయడం) అనే రెండు మాటలు విని చూడండి. చాలామంది నోట రెండింట్లోనూ ట, న మధ్య అచ్చు ఉండదు. మొదటిదాంట్లో న్ తర్వాతి ఇకారంతో కలిసిపోయి రెండే అక్షరాలు. రెండోదాంట్లో న్ తనంతట తానే ఒక అక్షరంగా నిలబడి మూడు.

ఇక గొంతు సంగతి. బరువు ఎత్తే ముందు ఊపిరి బిగబడితే గొంతులో స్వరతంత్రులు మూసుకుంటాయి. ఆ మూతే గ్లాటల్ స్టాప్, గుర్తు ʔ. బటన్‌లో నాలుక గట్టు మీదే ఉండిపోతుంది కాబట్టి గాలిని ఆపే పని గొంతు అందుకుంటుంది. మూత తెరుచుకునేసరికి ముక్కు దారి సిద్ధంగా ఉంటుంది, నేరుగా న్ వినిపిస్తుంది. మొత్తం [ˈbʌʔn̩]. ట అని మనం గుర్తుపట్టే పేలుడు ఎక్కడా రాదు. అందుకే అది "మింగేసినట్టు" అనిపిస్తుంది. నిజానికి మింగలేదు, ఆ ఆగడమే ట.

సాధన న్ దగ్గర మొదలుపెట్టండి. నాలుక కొన గట్టుకు ఆనించి న్‌న్‌న్ అని సాగదీయండి. నాలుక వెంట్రుకవాసి కూడా కదలకుండా గొంతుతోనే స్వరాన్ని టక్కున ఆపి, మళ్లీ వదలండి: న్-ʔ-న్-ʔ-న్. ఇది కుదిరాక ముందు బ చేర్చండి: బ-ʔ-న్. బ తర్వాతి అచ్చును చటుక్కున కత్తిరించాలి, చివరి న్‌ను కాస్త సాగనివ్వాలి. ఇప్పుడు ముక్కు గట్టిగా పట్టుకుని అదే మాట అనండి. నోటి దారి నాలుకతో, ముక్కు దారి వేళ్లతో మూసుకుపోయింది కాబట్టి ʔ తర్వాత ధ్వని దాదాపు బయటికి రాకూడదు. అచ్చు స్పష్టంగా వినిపిస్తే నాలుక మధ్యలో జారిందన్నమాట.

మన వాళ్లకు జారేది ఇక్కడే, కారణం మన ట. అది మూర్ధన్యం, నాలుక కొన వెనక్కి మడిచి గట్టుకు ఇంకా వెనక తాకిస్తాం. న కోసం మళ్లీ ముందుకు రావాలి. ఆ ప్రయాణంలో నోరు తెరుచుకుంటుంది, అక్కడ అచ్చు పుడుతుంది. అచ్చు తీసేయాలని ఎంత ప్రయత్నించినా పోదు, ముందు ట చోటు మార్చాలి. ఇంకో పొరపాటు, ట పోతుంది కదా అని ఆగడం కూడా వదిలేయడం. అప్పుడది బన్ అయిపోతుంది, చొక్కాకు గుండీ పోయి టీతో తినే బన్ను వస్తుంది. ʔ పెట్టి, తర్వాత నోరు తెరిచి బ-ʔ-ఇన్ అనడం మాత్రం తప్పని కొట్టేయలేం. అమెరికాలో, ముఖ్యంగా యువతలో, కొందరు అలాగే అంటారు. యూటా రాష్ట్రం మాట తీరుగా దానికి పేరు కూడా ఉంది.

ఇప్పుడు బాటిల్. ల్ కూడా గట్టు మీదే పలుకుతుంది, అచ్చు కూడా అలాగే పోతుంది. కానీ ల్ దగ్గర నాలుక కొన ఆనే ఉన్నా పక్కలు దిగి, గాలి నోటి పక్కలనుంచే బయటపడుతుంది. ముక్కు దారితో పని లేదు. అమెరికన్లు ఇక్కడ గొంతు మూయరు, స్వరం ఆపకుండా నాలుకతో గట్టును ఒక్కసారి తట్టి ల్‌లోకి జారతారు: [ˈbɑɾɫ̩]. ఆ తట్టు మన చెవికి డలాగో రలాగో వినిపిస్తుంది, అదే మీరు విన్న బాడల్. అదే తట్టు బాటమ్‌లోనూ ఉంటుంది. మ పెదవులతో పలికేది గనక నాలుక గట్టు వదలాల్సిందే, అందుకే అక్కడ అచ్చు సాధారణంగా మిగిలే ఉంటుంది. బటన్, బాటిల్, బాటమ్ వరసగా అని చూడండి, మూడింట్లో నాలుక చేసే పని మూడు రకాలు.

లండన్ వాడుక నియమం వేరు. అక్కడి సామాన్య యాసలో రెండు అచ్చుల మధ్య వచ్చే ఒత్తు లేని ట కూడా గొంతు మూతే అవుతుంది. వాటర్, బెటర్ కూడా అంతే. కాబట్టి బాటిల్ [ˈbɒʔɫ̩]. చాలామంది నోట చివరి ల్ కూడా కరిగి ఓ లాంటి అచ్చుగా మిగులుతుంది: బొ-ʔ-ఓ. అమెరికా యాస నేర్చుకునేవాళ్లు దీన్ని కలిపేస్తే వినేవాళ్లు తికమకపడతారు. రెండింట్లో ఒకటే ఎంచుకోండి.

బటన్ పద్ధతి కాటన్, కిటెన్, రిటెన్, సర్టెన్‌లకు పనికొస్తుంది. ట మీద ఒత్తు పడితే పనికిరాదు: రిటైన్, బొటానికల్‌లో ట గట్టిగా పలకాల్సిందే. ముందు స్ ఉన్నా మామూలుగా ʔ రాదు, బోస్టన్‌లో ట వినిపిస్తుంది. సడన్‌లో డ నాదమున్న ధ్వని కాబట్టి గొంతు మూయనక్కర్లేదు, నాలుక ఆనించి ఉంచి నేరుగా న్‌లోకి వెళ్లండి. ʔ ఇబ్బంది పెడితే ముందు దీనితో అలవాటు చేసుకోవడం సులువు.

అన్నిట్లోకీ కష్టం మౌంటెన్: [ˈmaʊnʔn̩]. ఇక్కడ ట ముందూ న్, వెనకా న్. మొదటి న్‌కు గట్టు మీద పెట్టిన నాలుక మాట పూర్తయ్యేదాకా లేవదు. పైన చెప్పిన న్-ʔ-న్ సాధన ఇందులో యథాతథంగా ఉంది. ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి చూస్తే రెండు న్‌ల మధ్య తరంగం సన్నబడి ఖాళీ అవడమో, విడివిడి గీతలుగా చెదరడమో కనిపించాలి. ఖాళీ తర్వాత నిలువుగా పదునైన గీత లేస్తే మీ నోట ట ఇంకా పేలుతోందని అర్థం.