నట్ల సంచిని తూకంతో లెక్కపెట్టడం

సంచి నిండా నట్లున్నాయి. ఒక్కొక్కటీ లెక్కపెట్టకుండా తూకం వేసి సంఖ్య చెప్పొచ్చా? నమూనాకి పది నట్లు చాలా?

చెప్పొచ్చు, కానీ పది చాలవు. నట్లన్నీ ఒకే రకమై ఉండాలి, ఖాళీ సంచి బరువు ముందే తీసేయాలి.

మీ కాటా ఒక్కో గ్రాము చొప్పున చూపిస్తుందనుకుందాం. పది నట్లు 25 గ్రాములు తూగాయి. అసలు బరువు 24.5 నుంచి 25.5 దాకా ఎంతైనా కావచ్చు, అంటే రెండు శాతం తేడా. సంచిలో సరుకు 12.4 కిలోలైతే లెక్క 4,960 వస్తుంది, కానీ వంద అటూ ఇటూ!

అదే 200 నట్లు చేత్తో లెక్కపెట్టి తూచితే 498 గ్రాములు వచ్చాయనుకోండి. ఒక్కోటి 2.49 గ్రాములు. 12,400ని దాంతో భాగిస్తే దాదాపు 4,980. కాటాలో అదే అర గ్రాము తేడా ఇప్పుడు 200 నట్ల మీద పంచుకుపోయింది కాబట్టి, దానివల్ల వచ్చే పొరపాటు అయిదు నట్లకు మించదు. లెక్కపెట్టడం విసుగే, కానీ ఒక్కసారే కదా.

నమూనాని పైనుంచే కాకుండా మధ్యలోంచి, అడుగునుంచి కూడా తీయండి. ఇంకో 200 తీసి తూచండి. రెండు తూకాలకీ అయిదారు గ్రాముల తేడా వస్తే వేర్వేరు లాట్ల సరుకు కలిసిందనో, కొన్నింటికి నూనె ఎక్కువ అంటిందనో అనుమానించాలి. అప్పుడు విడదీసి తూచడమే మార్గం.