ముందు ఒళ్లు చల్లబడాలె, తర్వాతే ఆలోచన

స్వప్నా బిడ్డా,

మొన్న సెషన్ల టైం చాలక సగంల ఆపిన ముచ్చట ఇది. "కోపమొచ్చినప్పుడు ఆలోచించుమంటరు, అప్పుడు నాకు ఆలోచనే రాదు గదా మేడం" అన్నవు. నిజమే, రాదు. అమెరికాల మార్షా లినెహాన్ అనే సైకాలజిస్టు డీబీటీ అనే మానసిక చికిత్స తయారు చేసినప్పుడు ఈ చిక్కును లెక్కల పెట్టుకున్నది. అందుకే అందుల తట్టుకునే పనులు వేరు, భావాన్ని సవరించుకునే పనులు వేరు. మొదటివి ఆ గంట ఇంకా ఖరాబు కాకుండ గట్టెక్కేటందుకు. రెండోవి, జర నెమ్మదించినంక.

నువ్వు చెప్పిన ఆ రాత్రినే తీసుకుందాం. హన్మకొండ హాస్టల్ల ఉన్నవు. కాజీపేటల ఉండే నీ దోస్తుకు రాత్రి 9:30కు మెసేజ్ పెట్టినవు. నీలం టిక్కులు పడ్డయి, జవాబు లేదు. గుండె దడ, చేతులు వణుకుడు. వరుసపెట్టి మెసేజీలు కొట్టి, ఆమెను బ్లాక్ చేసి, తెల్లారి ఏడ్చినవు.

అట్లాంటప్పుడు మొదలు బాధకు 0 నుంచి 100 దాకా ఒక నంబర్ ఇయ్యి. 70 దాటితే ఫోన్ రూమ్మేట్ చేతికిచ్చి నీళ్ల దగ్గరికి పో. బేసిన్ల చల్లటి నీళ్లు పోసి, ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి, కండ్లు, బుగ్గలు మునిగేటట్టు మొహం పెట్టు. 30 సెకన్ల దాకా ఉండు, అంతకు ముందే ఆగలేకపోతే లేచెయ్యి. నీళ్లల మునిగినప్పుడు గుండె వేగం తగ్గించే ఏర్పాటు మన ఒంట్లనే ఉన్నది. చల్లదనం, బిగబట్టిన ఊపిరి కలిస్తే అది గట్టిగ లేస్తది. ఉత్తగ మొహం కడుక్కుంటే అంత పని చేయదు. ఎండకాలం మన దగ్గర మిద్దె మీది ట్యాంకు నీళ్లు చేతికే కాలుతయి, వాటితోని లాభం లేదు. ఫ్రిజ్ నీళ్లు కలుపు. లేకుంటే ఐసు ముక్కలు కవర్ల వేసి, పల్చటి బట్ట చుట్టి, కండ్ల మీద, బుగ్గల మీద ఒత్తిపెట్టి, వంగి ఊపిరి బిగబట్టు. మరీ గడ్డకట్టే నీళ్లు వద్దు, 10 డిగ్రీలకు తగ్గొద్దు.

గుండె జబ్బున్నా, గుండె వేగం తగ్గించే మందులు వాడుతున్నా, తిండి మానేసి బక్కచిక్కినా డాక్టర్‌ను అడగకుండ ఇది చేయొద్దు. నీ గ్రూపుల ఎవరికన్న చెప్పేముందు ఈ మాట కూడ చెప్పు.

దీని బలం కొన్ని నిమిషాలే. మొహం తుడుచుకోంగనే ఫోన్ పట్టుకుంటవు చూడు, అక్కడనే మళ్ల 90కి పోతది. అందుకే వెంటనే కూసొని 4 లెక్కపెట్టుకుంట ఊపిరి పీల్చు, 6 లెక్కపెట్టుకుంట వదులు. 5 నిమిషాలు. వదిలేది పొడుగుండాలె. మళ్ల నంబర్ ఇయ్యి. ఏం తగ్గకపోతే నీళ్లు చల్లగ లేకనో, లోపల మెసేజ్ రాసుకుంటనే ఉన్నందుకో అయి ఉంటది, ఇంకోసారి చెయ్యి. వద్దన్నా ప్రాణం తీసుకోవాలె, ఒంటికి గాయం చేసుకోవాలె అనిపిస్తే ఒంటరిగ ఉండకు, రూమ్మేట్‌ను లేపి సర్కారు హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి.

50కి దిగినంకనే కాగితం తీయి. జరిగింది ఏంది? మెసేజ్ చూసింది, జవాబు ఇయ్యలే. అంతే. "నన్ను వదిలించుకుంటున్నది" అనేది నువ్వు కలిపింది. నీకు తెలిసిన ఇంకో సంగతి కూడ రాయి: ఆ వారం ఆమె నైట్ డ్యూటీల ఉన్నది. ఇప్పుడు ఆ భయం, ఆ కోపం జరిగినదానికి సరిపోతున్నయా? సరిపోకుంటే అవి చేయమన్నదానికి ఉల్టా చెయ్యి. కోపం దాడి చేయమంటది, నువ్వు ఆ రాత్రి ఏం పంపకు. భయం తెంచుకొమ్మంటది, నువ్వు తెల్లారి "డ్యూటీ అయినంక ఒకసారి మాట్లాడు" అని మామూలుగ రాయి. సగం సగం చేస్తే పని కాదు: చేతులు వదులుగ ఉండి పండ్లు గిట్టకరుచుకొని ఉంటే కోపం పోదు. దవడ వదులు, భుజాలు దించు, ఆమె దిక్కు నుంచి కూడ ఒకసారి ఆలోచించు.

ఒకవేళ ఆమె నిజంగనే నీ ముచ్చట్లు నలుగురికి చెప్పి ఉంటే ఉల్టా చేసుడు పనికిరాదు. అప్పుడు నీ కోపం న్యాయమైందే. నెమ్మదించినంక ఆమెను కూసోబెట్టి అడగాలె, దానికి మాటలు ఎట్ల కూర్చుకోవాలెనో మనం సెషన్ల చూస్తం.

చిన్న చిన్న బాధలకు కూడ ఐసు పెట్టుకునుడు మొదలుపెట్టకు. 40 ఉన్న దుఃఖాన్ని అట్లనే ఉండనియ్యి, దాన్ని తప్పించుకునుడు ఇంకో అలవాటైతది. నీళ్ల పని మాత్రం ఈ వారం మనసు మంచిగున్న రోజే రెండుసార్లు చేసి చూడు, ముందు నంబర్, తర్వాత నంబర్ రాసి తెచ్చియ్యి.

నీ మేడం