నాన్నకి పంచె కట్టేటప్పుడు

చిరంజీవి శ్రీనుకి,

సంవత్సరీకానికి నాన్న ఫొటోకి ఫొటోషాప్‌లో పంచె, కండువా నువ్వే వేస్తానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషమే గానీ, రాత్రంతా ఒకటే టెన్షన్. స్టూడియోలో ఇలాంటివి చాలా చేశాను కానీ, ఇది అన్నయ్య ఫొటో.

నువ్వు ఎంచుకున్నది పెళ్ళిలో ప్యాంటూ గళ్ళ చొక్కాతో కుర్చీలో కూర్చున్న ఫొటోనే కదా. ముఖం చాలా బాగా వచ్చింది. మెడ దగ్గర నుంచి కిందికి మార్చాలి. నెట్‌లో దొరికే పంచె బొమ్మలు వద్దు. అవన్నీ నిలబడ్డ సన్నటి కుర్రాళ్ళవి. నాన్నంత పొట్ట ఉన్న ఒకాయన్ని పట్టుకుని, తెల్లచొక్కా వేయించి, నాన్న మంగళగిరి పంచె గంజి పెట్టించి కట్టించు. అదే తీరులో కూర్చోబెట్టి, కెమెరా అదే ఎత్తులో పెట్టి ఫొటో తియ్యి. నాన్న ముఖానికి వెలుగు ఎటునుంచి పడిందో ఆయనకీ అటునుంచే పడాలి.

ఈ వెలుగు దగ్గరే నా భయమంతా. మా ఊళ్ళో ఒక షష్టిపూర్తికి వేరే స్టూడియో వాళ్ళు ఫ్లెక్సీ చేశారు. పెద్దాయన ముఖానికి ఎడమ నుంచి వెలుగు, వాళ్ళ దగ్గరున్న పంచెకట్టు బొమ్మకి కుడి నుంచి. ఏముంది, Flip Horizontal నొక్కేశారు. వెలుగు కలిసింది. ఎడమ భుజం మీదుండాల్సిన ఉత్తరీయం, జంధ్యం రెండూ కుడి భుజం మీదికొచ్చాయి. పురోహితుడు హాల్లోకి వస్తూనే ఆగిపోయాడు. అది అపసవ్యం. పితృకార్యాల్లో వేసుకునే తీరు. నిక్షేపంలా బతికున్న మనిషిని అలా చూపించారని ఆ ఇల్లాలు పందిట్లోనే ఏడ్చింది. పీటల మీద కూర్చోకముందే ఫ్లెక్సీ దింపేశారు. చేసిన కుర్రాడికి తనేం తప్పు చేశాడో సాయంత్రం దాకా అర్థం కాలేదు, పాపం.

అందుకే నువ్వు తీసిన పంచె ఫొటోని తిప్పొద్దు, వెలుగు కుదరకపోతే మళ్ళీ తియ్యి. ఎవరైనా తిప్పారేమో అని అనుమానమొస్తే చొక్కా చూడు. మగవాళ్ళ చొక్కాకి బొత్తాలు వాళ్ళ కుడివైపు పట్టీకి ఉంటాయి. తిప్పితే అవి ఎడమవైపుకి పోతాయి.

ఇక కుచ్చిళ్ళు. కూర్చున్నప్పుడు దోపిన చోటు చొక్కా కింద దాక్కుంటుంది, కానీ అక్కడ గుడ్డ మందం చిన్న ఉబ్బులా తెలియాలి. అది లేకపోతే పంచె అతికించినట్టు ఉంటుంది. చొక్కా అంచు కింద నుంచి మడతలు ఇరుగ్గా బయల్దేరి, ఒళ్ళో నలిగి, మోకాళ్ళ మధ్య విచ్చుకుంటూ జారతాయి. మోకాలి మీద గుడ్డ బిగుసుకుంటుంది, అక్కడి నుంచి తొడల వైపు సన్నటి ముడతలు లాగుతాయి. నాన్న ఒంటికి సరిపెట్టడానికి Edit > Transform > Warp వాడు, కానీ కొంచెమే. జరీ అంచు మీద కన్నేసి ఉంచు. గుడ్డ మనకి ఎదురుగా ఉన్నచోట్ల దాని వెడల్పు మారిందంటే ఎక్కువ లాగినట్టే. అంచు ప్రతి మడత దగ్గరా విరగాలి, గీత గీసినట్టు సాగిపోకూడదు.

కండువా భుజం మీద నుంచి ఛాతీని అంటుకుని దిగి, పొట్ట బాగా ముందుకొచ్చిన చోటు దాటాక గాల్లో నిటారుగా వేలాడుతుంది. చాలామంది దాన్ని పొట్ట కిందికి కూడా అంటించేస్తారు. నీడ వేరే లేయర్‌లో Multiply పెట్టి వెయ్యి. భుజం దగ్గర సన్నగా, ముదురుగా. పొట్ట దాటాక గుడ్డ ఒంటికి దూరమవుతుంది కాబట్టి, నీడ వెడల్పుగా, పల్చగా.

తెలుపుని 255 దాకా పోనీకు. వెలుగు పడేచోట 240 దగ్గర ఆపితే ప్రింట్‌లో నేత కనిపిస్తుంది. లేకపోతే కాగితానికి చిల్లు పడ్డట్టుంటుంది. పాత ఫోన్ ఫొటో కాబట్టి ముఖం మీద గరుకు ఉంటుంది, చివర్లో పంచెకీ Add Noise తో అంతే గరుకు ఇవ్వు.

ఇంకొకటి. అందంగా ఉంటుందని నాన్న పొట్ట తగ్గించావో, ఊరొచ్చి మరీ తిడతాను. భోజనం అయ్యాక పంచె ఒక మడత వదులు చేసుకుని, "ఇప్పుడు సరిపోయిందిరా" అని దాని మీద తట్టుకునేవాడు. ఆ పొట్ట లేకపోతే ఎవరో పంతులుగారి ఫొటో అనుకుంటాం.

కండువా మాత్రం మీ అమ్మని అడుగు. మాకు గుర్తున్నంతవరకు ఎడమ భుజం మీదే వేసేవాడు. కానీ పొలానికి వెళ్ళేటప్పుడు మెడ చుట్టూ వేసుకునేవాడు, ఆవిడకి అదే ఇష్టమేమో.

12x18 ప్రింట్‌కి 300 లెక్కన 3600 x 5400 పెట్టుకో. పాత ఫొటో అంత సైజుకి పెంచితే ముఖం మెత్తబడుతుంది, కాబట్టి పంచెని ముఖం కంటే పదునుగా ఉంచకు. లేయర్లు కలపకుండా PSD నాకు పంపు, నేను చూశాకే ల్యాబ్‌కి ఇవ్వు.

ఆశీస్సులతో,
బాబాయి