పింగ్ పెరుగుతున్నది వైఫైలోనా, రౌటర్ దాటిన తర్వాతా?

కావలి నుంచి ఎం.ఎస్. చదువుకు డల్లాస్ వచ్చిన తమ్ముడొకరు అడిగిన సందేహం ఇది. ముగ్గురు కలిసి ఉంటున్న అపార్ట్‌మెంట్‌లో నెట్ వేగం బాగానే ఉన్నా, ఆన్‌లైన్ ఆట మధ్యలో పింగ్, అంటే డేటా సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, ఉన్నట్టుండి వందల మిల్లీసెకన్లకు ఎగబాకుతున్నదట. ఖరీదైన రౌటర్ కొనమని ఒకరు, డీఎన్‌ఎస్ మార్చమని మరొకరు చెప్పారట. ఏదైనా కొనే ముందు ఆలస్యం ఎక్కడ పుడుతున్నదో తేల్చుకోవాలని నా సలహా. అందుకు పావుగంట చాలు.

విండోస్‌లో `ipconfig` అని కొడితే `Default Gateway` ఎదురుగా మీ రౌటర్ చిరునామా కనిపిస్తుంది. కమాండ్ విండోలు రెండు తెరిచి, ఒకదానిలో రౌటర్‌కూ, రెండవదానిలో బయటి సర్వర్‌కూ ఏకకాలంలో పింగ్ పంపండి. కింద 192.168.1.1 ఉన్నచోట మీ రౌటర్ చిరునామా వేసుకోండి.

```
ping -n 200 192.168.1.1
ping -n 200 8.8.8.8
```

మొదటి దానిలో అంకెలు ఎగిరెగిరి పడుతుంటే లోపం మీ గదికీ రౌటర్‌కూ మధ్య ఉన్న వైఫైది. మొదటిది నిలకడగా ఉండి రెండవది మాత్రమే పెరుగుతుంటే లోపం రౌటర్ దాటిన తర్వాతిది. ఇంట్లో అందరూ నెట్ వాడుతున్న వేళనే ఈ పరీక్ష చేయాలి. ఎవరూ లేనప్పుడు చేస్తే అంతా సవ్యంగానే కనిపించి మోసపోతాం.

ఆ తమ్ముడి ఇంట్లో రౌటర్ పింగ్ మామూలుగా 3 మిల్లీసెకన్లుండి, మధ్యమధ్య 80, 90 దాకా పోయింది. వైఫైలో ఒక చానెల్ మీద సాధారణంగా ఒకసారికి ఒక పరికరమే మాట్లాడగలదు. పక్క అపార్ట్‌మెంట్ల రౌటర్లు కూడా తరచు అదే చానెల్‌ను పంచుకుంటాయి కాబట్టి మన వంతు వచ్చేదాకా ఆగక తప్పదు. 2.4 గిగాహెర్ట్జ్ నుంచి 5కు మారితే కొంత మేలు జరుగుతుంది గాని, పూర్తి పరిష్కారం తీగే. గోడ అంచు వెంబడి 15 మీటర్ల క్యాట్ 6 కేబుల్ లాగగానే అతని రౌటర్ పింగ్ 1 మిల్లీసెకన్ లోపే నిలిచిపోయింది. అద్దె ఇంట్లో కేబుల్ లాగే వీలు లేకపోతే, గోడలోని కేబుల్ టీవీ కొయాక్స్ సాకెట్లను వాడుకునే మోకా అడాప్టర్ల జత మంచి ప్రత్యామ్నాయం. మీ గది సాకెట్, రౌటర్ దగ్గరి సాకెట్ ఒకే కొయాక్స్ లైనుకు కలిసి ఉన్నాయో లేదో ముందుగా చూసుకోవాలి. కరెంటు తీగల మీద నడిచే పవర్‌లైన్ అడాప్టర్లు ఇంటి వైరింగును బట్టి ఒకచోట బాగా, మరొకచోట అధ్వానంగా పనిచేస్తాయి కనుక వాపసు చేసే వీలుంటేనే కొనండి.

అయినా అతని సమస్య సగమే తీరింది. ఆదివారం ఉదయం, అంటే మన నెల్లూరు వైపు రాత్రి వేళ, రూమ్మేట్ ఇంటికి వీడియో కాల్ చేస్తూండగా అతని ఫోన్ ఫొటోలను క్లౌడ్‌కు ఎక్కిస్తుంటే, రౌటర్ పింగ్ కదలకుండానే బయటి పింగ్ 20 నుంచి 600 దాటింది. వాళ్ల ప్లాన్‌లో డౌన్‌లోడ్ 300 ఎంబీపీఎస్ అయినా అప్‌లోడ్ 10 మాత్రమే. బయటికి వెళ్లాల్సిన డేటా వంతు కోసం ఆగే మోడెమ్ బఫర్‌లో ఒక మెగాబైట్ పోగుపడిందనుకోండి. అంటే 8 మెగాబిట్లు. 10 ఎంబీపీఎస్ దారిలో అది ఖాళీ కావడానికి 0.8 సెకన్లు పడుతుంది. మీ ఆట పంపే చిన్న ప్యాకెట్ కూడా ఆ వరుస వెనకనే నిలబడాలి.

దీనికి మందు, ఆ వరుసను అదుపులో పెట్టే SQM అనే సెట్టింగ్, అది మీ రౌటర్‌లో ఉంటే. అందులో వరుసను నడిపే పద్ధతిగా `cake` గానీ `fq_codel` గానీ ఎంచుకుని, అప్‌లోడ్ పరిమితిని కొలిచిన వేగంలో సుమారు 90 శాతానికి, అంటే ఇక్కడ 9 ఎంబీపీఎస్‌కు పెట్టాలి. అప్పుడు వరుస మోడెమ్‌లో కాక రౌటర్‌లో ఏర్పడుతుంది. రౌటర్ పెద్ద అప్‌లోడ్‌ను కాస్త ఆపి చిన్న ప్యాకెట్లకు దారి ఇస్తుంది. అతనికి ఆ తర్వాత ఎంత రద్దీలోనూ పింగ్ 35 దాటలేదు. చాలా రౌటర్లలో కొన్ని పనులకు ముందు దారి ఇవ్వడానికి ఉండే ఉత్త QoS మీటను నొక్కి, వేగపు అంకెలు ఇవ్వకుండా వదిలేస్తే ఈ ఫలితం రాదు. బలహీనమైన ప్రాసెసర్ ఉన్న రౌటర్‌లో SQM పెడితే డౌన్‌లోడ్ వేగం పడిపోవచ్చు. అలాంటప్పుడు అప్‌లోడ్‌కు మాత్రమే పెట్టుకోండి.

ఇక డీఎన్‌ఎస్. అది సర్వర్ పేరును చిరునామాగా మార్చి ఇచ్చి పక్కకు తప్పుకుంటుంది. ఆట మొదలయ్యాక ప్యాకెట్లు దాని గుండా పోవు. 1.1.1.1 పెట్టినా 8.8.8.8 పెట్టినా వెబ్ పేజీలు కాస్త త్వరగా తెరుచుకోవచ్చేమో గాని, ఆటలో పింగ్ తగ్గదు. పింగ్ తక్కువగా ఉన్నా బటన్ నొక్కిన తర్వాత తెర ఆలస్యంగా కదులుతున్నదంటే అది నెట్ దోషం కాదు. టీవీలో గేమ్ మోడ్ వేసి, కంట్రోలర్‌ను తీగతో కలిపి చూడండి.

కావలిలోని స్నేహితులతో ముంబై సర్వర్‌లో ఆడేటప్పుడు మాత్రం పైవేవీ ఒక హద్దు దాటి పనిచేయవు. డల్లాస్ నుంచి ముంబై సుమారు 14,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2,00,000 కిలోమీటర్లు పోతుంది కనుక, తీగ తిన్నగా ఉన్నా రానూపోనూ 140 మిల్లీసెకన్లు తప్పవు. సముద్రపు కేబుళ్లు చుట్టు తిరిగి వెళతాయి కాబట్టి 200 పైన కనిపించడం సహజం. అక్కడ మీరు సాధించగలిగేది ఆ అంకె ఎగుడుదిగుళ్లు లేకుండా నిలకడగా ఉండడం వరకే.