మీ సంతకం కాదు, నాన్నగారి మాట రాయించండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్నకి 74 ఏళ్లు, సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు. బరంపురం ఆసుపత్రిలో ఉన్నారు. "నా గుండె ఆగిపోతే ఛాతీ నొక్కొద్దు, గొట్టం వెయ్యొద్దు" అన్నారు. ఆయనకి ఒడియా అంతంతమాత్రం, డాక్టరుకి నేనే చెప్పాను. డాక్టరు రెండు లైన్లు రాసి నా సంతకం తీసుకున్నారు. సూరత్‌లో ఉన్న అన్నయ్య కేసు పెడతానంటున్నాడు. నా సంతకం చెల్లుతుందా?

జవాబు: నాన్నగారు తెలివిలో ఉన్నంతవరకు మీ సంతకంతో పనే లేదు. అన్నగారిదీ అంతే. తెలివిలో ఉన్న, వయసొచ్చిన మనిషి వైద్యం వద్దనవచ్చని సుప్రీంకోర్టు 2018 కామన్ కాజ్ తీర్పులో చెప్పింది. కేసు పెడతానంటే ఎవరూ ఆపలేరు గానీ, అప్పుడు చూసేది కేస్ షీటులో ఏముందనే. గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడాన్నే డాక్టర్లు సీపీఆర్ అంటారు. "బంధువులు సీపీఆర్ వద్దన్నారు" అని ఉంటే మాత్రం అది మీకూ డాక్టరుకీ తలనొప్పే.

అందుకే రేపు రౌండ్స్‌లో మళ్లీ మాట్లాడించి, కొత్త నోటు రాయించండి. ఈసారి మీరు దుబాసీగా ఉండకండి. తెలుగు వచ్చిన నర్సునో, వేరే డాక్టరునో పిలవమనండి, వాళ్ల పేరు నోటులో ఉండాలి. నాన్నగారి మాట ఆయన అన్నట్టే తెలుగులో రాస్తే మరీ మంచిది.

ఈ జబ్బులో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మనిషి మగతగా, తికమకగా ఉంటారు. పొద్దున బాగా మాట్లాడినాయన రాత్రికి మనిషిని గుర్తుపట్టకపోవచ్చు. కాబట్టి తేదీతో పాటు గంట కూడా వేయాలి. "తెలివిలో ఉన్నారు" అని ఒక్క ముక్క సరిపోదు. సీపీఆర్ చేస్తే ఏమవుతుంది, చేయకపోతే ఏమవుతుంది అని అడిగితే తన మాటల్లో చెప్పారా, కాసేపాగి అడిగినా అదే మాట మీద ఉన్నారా, ఎందుకు వద్దంటున్నారో చెప్పారా, ఇవి ఉండాలి. అన్నగారితో డాక్టరునే ఫోన్లో మాట్లాడమనండి. అన్నగారు ఒప్పుకోకపోతే ఒప్పుకోలేదనే రాయాలి, దాచక్కర్లేదు.

అసలు చిక్కు ఆ "గొట్టం" దగ్గరుంది. గుండె ఆగాక వేసే గొట్టం ఒకటి, గుండె కొట్టుకుంటుండగానే ఆయాసం ముదిరి వెంటిలేటర్ కోసం వేసేది ఇంకొకటి. సీపీఆర్ వద్దన్న నోటు రెండోదానికి వర్తించదు. దాన్ని విడిగా అడిగి, విడిగా రాయాలి. మాస్కుతో ఇచ్చే బైపాప్ సంగతీ అడగాలి. ఆక్సిజన్, మందులు మామూలుగానే నడుస్తాయి. ఇది రాయకుండా వదిలేస్తే, ఆయన స్పృహలో లేనప్పుడు వెంటిలేటర్ పెట్టేస్తారు. తర్వాత తీయాలంటే 2023లో కోర్టు సవరించిన పద్ధతిలో రెండు మెడికల్ బోర్డులు ఒప్పుకోవాలి, మెజిస్ట్రేటుకు తెలియజేయాలి. ఆ తిరుగుడు మీకెందుకు?

నాన్నగారు మనసు మార్చుకుంటే నోరు తెరిచి చెబితే చాలు, నోటు అక్కడితో రద్దు. వైజాగ్‌కి మారిస్తే ఆ నోటు నకలు వెంట తీసుకెళ్లి, అక్కడ మళ్లీ మాట్లాడించి రాయించండి. రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నిబంధనల్లో ఉంది, అర్జీ రాసి రసీదు తీసుకోండి.