బ్లూటూత్ అంకె పెరిగితే ఏం మారుతుంది?

ప్రశ్న: నా ఫోన్‌లో బ్లూటూత్ 5.0 ఉంది. రెండు ఇయర్‌బడ్స్ చూశాను, ఒకటి 5.0, ఇంకోటి 5.3. 5.3 తీసుకుంటే రేంజ్, స్పీడు, చార్జింగ్ నిజంగా మెరుగవుతాయా?

పాటలు వినడానికే అయితే మీకు తేడా ఏమీ తెలియదు. ఆ రెంటిలో ఏది చెవిలో పెట్టుకున్నా మీ ఫోన్ పాటను ఒకే పాత దారిలో పంపిస్తుంది.

బ్లూటూత్ అనే ఒక్క పేరు కింద రెండు వేర్వేరు రేడియో పద్ధతులున్నాయి. మొదటిది క్లాసిక్. మామూలు ఇయర్‌బడ్స్‌కి పాట వెళ్లేది, ఫోన్ నుంచి ఫోన్‌కి ఫైలు వెళ్లేది దీని మీదే. రెండోది ఎల్‌ఈ, అంటే లో ఎనర్జీ. ఇది 2010లో 4.0తో వచ్చింది. వాచీలు, సెన్సార్లు, వస్తువులు పోగొట్టుకోకుండా తగిలించుకునే ట్యాగులు దీని మీద నడుస్తాయి. 5.0 నుంచి వచ్చిన పెద్ద మార్పులన్నీ దాదాపుగా ఎల్‌ఈ వైపే జరిగాయి. క్లాసిక్ వేగం మాత్రం 2004లో 2.0తో సెకనుకు 3 మెగాబిట్లకు చేరి అక్కడే ఆగింది. మీ పాటకు కావలసింది అందులో కొంతే. పాటను కుదించి పంపే ఎస్‌బీసీ కోడెక్‌లో మంచి క్వాలిటీ పెట్టుకున్నా సుమారు 328 కిలోబిట్లు చాలు. దారి వెడల్పు మీకు ఎప్పుడూ సమస్య కాలేదు.

"రెట్టింపు స్పీడు, నాలుగు రెట్ల రేంజ్" అని డబ్బాల మీద వేస్తారు చూడండి, అది 2016 చివర్లో 5.0 వచ్చినప్పటి మాట. అది పూర్తిగా ఎల్‌ఈకి సంబంధించింది, పైగా ఆ రెండూ ఒకేసారి రావు. వేగంగా పంపే పద్ధతిలో సెకనుకు 2 మెగాబిట్లు వెళ్తాయి, కానీ రేంజ్ కొంత తగ్గుతుంది. దూరం పంపే పద్ధతిలో ఒక్కో బిట్‌ను ఎనిమిది సంకేతాలుగా విడదీసి పంపుతారు. మధ్యలో కొన్ని చెడిపోయినా అవతలివైపు పోల్చుకోగలుగుతుంది, కాబట్టే దూరం పెరుగుతుంది. వేగం మాత్రం 125 కిలోబిట్లకు పడిపోతుంది. తోట చివర ఉన్న ఉష్ణోగ్రత సెన్సార్‌కి అది వరమే. పాటకు అస్సలు సరిపోదు. ఇంకో సంగతి, ఈ రెండు పద్ధతులూ 5.0లో తప్పనిసరి కాదు. అవి లేకుండా కూడా చిప్ మీద 5.0 అని రాసుకోవచ్చు. డబ్బా మీద ఈ ముక్క ఎక్కడా రాయరు, నాకు కోపం వచ్చేది అందుకే.

మరి ఇయర్‌బడ్స్ రేంజ్ దేన్ని బట్టి ఉంటుందంటే, పంపే శక్తి, యాంటెన్నా, మధ్యలో అడ్డం వచ్చే మీ ఒళ్లు. క్లాస్ 2 పరికరం గరిష్ఠంగా 2.5 మిల్లీవాట్లు పంపుతుంది, క్లాస్ 1 అయితే 100 వరకు వెళ్లొచ్చు. ఈ తేడాకి వెర్షన్‌తో సంబంధం లేదు. ఇక ఒంట్లోని నీరు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను బాగా పీల్చేస్తుంది. ఫోన్‌ను ప్యాంటు ఎడమ వెనక జేబులో పెట్టి, కుడి చెవిలో ఒక్క బడ్ పెట్టుకుని ఆరుబయట నడిచి చూడండి. పాట అక్కడక్కడ తెగొచ్చు. అదే ఫోన్‌ను కుడి చేతిలోకి తీసుకుంటే సర్దుకుంటుంది. గదిలో ఇంత ఇబ్బంది ఉండదు, ఎందుకంటే తరంగాలు గోడలకు తగిలి తిరిగొచ్చి చెవిని చేరతాయి. ఆరుబయట తిరిగి రావడానికి గోడలు లేవు. జేబు మార్చగానే తెగడం ఆగిందంటే, తప్పు వెర్షన్‌ది కాదు.

చార్జింగ్ సంగతి కూడా అంతే. బడ్‌లో బ్యాటరీని తినేది చిప్ తయారీ, స్పీకర్ ఆంప్లిఫయర్, నాయిస్ క్యాన్సిలేషన్. 5.3లో కరెంటు ఆదా కోసం తెచ్చిన ముఖ్యమైన మార్పు కూడా ఎల్‌ఈ కనెక్షన్లకే. ఎక్కువసేపు ఖాళీగా ఉండి, అవసరమైనప్పుడు చటుక్కున మేల్కోవలసిన పరికరాలకు అది పనికొస్తుంది. కొత్త వెర్షన్ బడ్స్ ఎక్కువసేపు వస్తే చాలాసార్లు కారణం చిప్ కొత్తది కావడమే. కాబట్టి వెర్షన్‌ను వదిలేసి, నాయిస్ క్యాన్సిలేషన్ వేసి ఉంచితే ఎన్ని గంటలు వస్తుందో చూడండి.

అసలైన మార్పు 2020లో 5.2తో మొదలైంది. దాని పేరు ఎల్‌ఈ ఆడియో. దీని విలువ పాటల్లో కన్నా మైకు వేసినప్పుడు బాగా తెలుస్తుంది. మామూలు బడ్స్‌తో పాట వింటూ మీటింగ్‌లో చేరగానే శబ్దం డబ్బాలోంచి వస్తున్నట్టు అయిపోతుంది కదా. క్లాసిక్‌లో పాట దారి ఒకవైపే వెళ్తుంది. మైకు కావాలంటే దాన్ని మూసి కాల్ దారిలోకి మారాలి. అక్కడ స్టీరియో ఉండదు, శాంపిలింగ్ సాధారణంగా 8 లేదా 16 కిలోహెర్ట్జ్‌కి పడిపోతుంది. ఎల్‌ఈ ఆడియోలో ఎల్‌సీ3 అనే కొత్త కోడెక్‌తో రెండువైపులా ఒకేసారి మంచి శబ్దం నడుస్తుంది. కుడి చెవికి, ఎడమ చెవికి ఫోనే నేరుగా వేర్వేరు ధారలు పంపుతుంది, కాబట్టి ఒక బడ్ ఇంకో బడ్‌కి అందించే పని ఉండదు.

అయితే ఇది రెండువైపులా ఉండాలి. మీ ఫోన్ 5.0 కాబట్టి దాని చిప్‌లో ఈ ధారలు పంపే ఏర్పాటే లేదు, అప్‌డేట్‌తో వచ్చేదీ కాదు. అటు 5.3 అని ఉన్న బడ్స్‌లోనూ అది ఉంటుందని నమ్మకం లేదు, ఎందుకంటే ఇది కూడా తప్పనిసరి కాదు. డబ్బా మీద `LE Audio` అనో `LC3` అనో `Auracast` అనో ఉందేమో వెతకండి. ఉత్త `BLE` అని ఉంటే అది ఎల్‌ఈ రేడియో మాత్రమే, ఎల్‌ఈ ఆడియో కాదు, మోసపోవద్దు.

ల్యాప్‌టాప్ వెర్షన్ తెలియాలంటే విండోస్‌లో `Device Manager` తెరిచి, `Bluetooth` కింద మీ అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి, `Properties`లో `Advanced` ట్యాబ్ చూడండి. అక్కడ `LMP` పక్కన 9 ఉంటే 5.0, 11 ఉంటే 5.2, 12 ఉంటే 5.3. లినక్స్‌లో అయితే వేగం, దూరం పద్ధతులు ఉన్నాయో లేదో కూడా తెలుస్తుంది:

```
sudo btmgmt phy
```

అందులో `LE2MTX` కనిపిస్తే వేగం పద్ధతి, `LECODEDTX` కనిపిస్తే దూరం పద్ధతి చిప్‌లో ఉన్నట్టే. ఆండ్రాయిడ్‌లో `nRF Connect` యాప్‌లోని పరికరం వివరాల పేజీ ఇదే సంగతి చెబుతుంది.

ఫైళ్ల గురించీ ఒక మాట. 5.3 ఉంది కదా అని 1 జీబీ వీడియోను బ్లూటూత్‌లో పంపకండి. క్లాసిక్‌లో చేతికి దక్కే వేగం మహా అయితే సెకనుకు 2.1 మెగాబిట్లు, అంటే గంట దాటుతుంది. 2009లో 3.0 వచ్చినప్పుడు ఫైలును వైఫై మీదుగా పంపే ఏర్పాటు ఒకటి పెట్టారు. దాన్ని 5.3లో తీసేశారు కూడా.

మీ విషయంలో అయితే, 5.3 జత డబ్బా మీద ఎల్‌ఈ ఆడియో అని స్పష్టంగా ఉండి, త్వరలో ఫోన్ మార్చే ఆలోచన ఉంటేనే దానికి ఎక్కువ పెట్టండి. లేదంటే రెండూ చెవిలో పెట్టి చూసి, జారకుండా కూర్చునేది, మీ ఫోన్ వాడే కోడెక్ ఉన్నది తీసుకోండి. ఆ కోడెక్ పేరు ఆండ్రాయిడ్ `Developer options`లో `Bluetooth Audio Codec` దగ్గర కనిపిస్తుంది.